ఒకే ఆప్‌ఆంప్ పీఐడీ: నాలుగేళ్లు వాడాక

ఈ సర్క్యూట్ అంటే నాకు ఇష్టం. ఆ ఇష్టానికి కారణం ఒకే ఒక లెక్క. నాలుగేళ్ల క్రితం ఆ లెక్క చేసి, ఒకే ఆప్‌ఆంప్‌తో, రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లతో పీఐడీ కంట్రోలర్ కట్టాను. గేర్ ఉన్న డీసీ మోటారు తిప్పే ఒక బరువైన పళ్లేన్ని, అడిగిన కోణంలో ఆపడం దాని పని. అప్పుడు దీన్ని అందరి దగ్గరా తెగ పొగిడాను. ఆ మాటల్లో కొన్నింటిని ఇప్పుడు సరిదిద్దుకోవాలి.

పీ, ఐ, డీ అంటే ఏమిటో చెప్పను. సర్క్యూట్ మాత్రం ఇది: ఇన్‌పుట్ వైపు R1, దానికి సమాంతరంగా C1. ఫీడ్‌బ్యాక్‌లో R2, C2 వరుసగా. ప్లస్ కాలు గ్రౌండ్‌కి. అవుట్‌పుట్ గుర్తు తిరగబడుతుంది, దాన్ని తర్వాతి దశలో సరిచేసుకోవాలి.

```
Kp = R2/R1 + C1/C2
Ki = 1/(R1·C2)
Kd = R2·C1
```

నాకు కావాల్సిన గెయిన్లు Kp = 5, Ki = 5, Kd = 0.8. మొదటిసారి ఈ మూడు సూత్రాలు చూసినప్పుడు కాస్త టెన్షన్ పడ్డాను. Kpలోనే నాలుగు పార్టులూ ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దారి ఇలా దొరికింది. R2/R1ని a అనుకుందాం, C1/C2ని b అనుకుందాం. రెండూ కలిపితే Kp. రెండూ గుణిస్తే Ki·Kd. అంటే మొత్తం 5, లబ్ధం 4. బడిలో చేసిన వర్గ సమీకరణమే, జవాబు 4, 1. ఇక C2ని మన ఇష్టం వచ్చినట్టు ఎంచుకోవచ్చు. నేను 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ తీసుకున్నాను. Ki సూత్రం నుంచి R1 200 కిలోఓమ్‌లు వచ్చింది. a = 4 కాబట్టి R2 800 కిలోఓమ్‌లు. b = 1 కాబట్టి C1 కూడా 1 మైక్రోఫారడే. మార్కెట్లో దొరికే విలువ 820 కిలోఓమ్‌లు కాబట్టి అది పెట్టాను. దాంతో Kp 5.1, Kd 0.82 అయ్యాయి. మోటారుకి ఆ తేడా తెలియనే తెలియదు.

ఇక్కడ నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. a, b విలువల్ని తారుమారు చేసినా, అంటే a = 1, b = 4 పెట్టినా, కంట్రోలర్ ప్రవర్తన అణువంతైనా మారదు. అప్పుడు R2 200 కిలోఓమ్‌లు, C1 4 మైక్రోఫారడ్‌లు అవుతాయి. కాగితం మీద రెండూ ఒకటే, బోర్డు మీద ఒకటి కాదు. రెసిస్టర్లు ఒక శాతం కచ్చితత్వంతో సులువుగా దొరుకుతాయి, కెపాసిటర్లు ఐదు, పది శాతం అటూ ఇటూ ఉంటాయి. b = 1 అయితే Kpలో కెపాసిటర్ల వాటా ఐదో వంతే. C1 పది శాతం ఎక్కువ, C2 పది శాతం తక్కువ ఉన్నా Kp 5 నుంచి సుమారు 5.2కే వెళ్తుంది. b = 4 అయితే అదే తప్పు దాన్ని 5.9 దాకా తీసుకెళ్తుంది. అందుకే పెద్ద సంఖ్యని రెసిస్టర్లకే ఇవ్వాలి. Ki, Kdల్లో మాత్రం కెపాసిటర్ తప్పు నేరుగా కనిపిస్తుంది, దాన్నుంచి తప్పించుకోలేం.

మొదటి ఆరు నెలలు పొగడ్తలే. ఆ తర్వాత రెండు ఫిర్యాదులు మొదలయ్యాయి. మొదటిది చిన్నది: పళ్లెం ఎప్పుడూ అడిగిన కోణానికి అర డిగ్రీ పక్కన ఆగేది. ఇంటిగ్రేటర్ ఉన్న కంట్రోలర్‌లో నిలకడగా తప్పు మిగలకూడదు కదా, మరి ఎందుకు మిగిలింది? రెండోది, మోటారు నుంచి సన్నగా ఒక రాగం వినిపించేది. పళ్లెం తిరిగిన ప్రతిసారీ మొదలై, ఆగాక కూడా చాలాసేపు సాగేది. గేర్లు అరిగాయేమో అనుకుని నూనె వేశాను, బిగింపులు చూశాను. ఏమీ మారలేదు.

అర డిగ్రీ సంగతి ముందు తేలింది. నేను వాడింది పాత 741. దాని మైనస్ కాలు సాధారణంగా 80 నానోఆంపియర్ల బయాస్ కరెంట్ అడుగుతుంది. నిలకడ స్థితిలో C2 గుండా డీసీ రాదు కాబట్టి ఆ కరెంట్ అంతా R1 గుండానే రావాలి. 200 కిలోఓమ్‌ల మీద 80 నానోఆంపియర్లంటే 16 మిల్లీవోల్టులు. అంత తప్పు సిగ్నల్ ఇన్‌పుట్‌లో మిగిలితేనే ఇంటిగ్రేటర్ కదలకుండా నిలబడుతుంది. నా కోణం కొలిచే పొటెన్షియోమీటర్ 300 డిగ్రీలకి 10 వోల్టులు ఇస్తుంది, అంటే వోల్టుకి 30 డిగ్రీలు. 16 మిల్లీవోల్టులంటే సరిగ్గా ఆ అర డిగ్రీ. మందు సులువే: ఇన్‌పుట్‌లో జెఫెట్‌లు ఉన్న టీఎల్071 పెట్టాను. కాళ్ల అమరిక ఒకటే, సాకెట్‌లో మార్చేస్తే చాలు. దాని బయాస్ కరెంట్ పికోఆంపియర్లలో ఉంటుంది, సొంత ఆఫ్‌సెట్ మూడు మిల్లీవోల్టుల దరిదాపుల్లో. తప్పు డిగ్రీలో పదో వంతుకి దిగింది.

అప్పుడే అనుకోకుండా అసలు గుట్టు బయటపడింది. చిప్ మార్చి స్విచ్ వేశాను. మోటారు రాగం ఆగలేదు, కానీ శ్రుతి పెరిగింది. గేర్లు అరిగి వచ్చే మోత అయితే ఆప్‌ఆంప్ మారిస్తే శ్రుతి ఎందుకు మారుతుంది? మోటారు తీగ పీకేసి, కంట్రోలర్ ఇన్‌పుట్‌కి ఒక చిన్న మెట్టు సిగ్నల్ ఇచ్చి ఆసిలోస్కోప్‌లో చూశాను. మోటారు లేకుండానే అవుట్‌పుట్‌లో అదే రాగం గంట కొట్టినట్టు మోగి, మెల్లగా తగ్గుతోంది. పాత చిప్‌తో 440 హెర్ట్జ్ దగ్గర, కొత్తదానితో 760 దగ్గర. కొట్టుకుంటున్నది మోటారు లూప్ కాదు, ఆప్‌ఆంప్ సొంత లూప్. మోటారు బ్రష్‌ల నిప్పురవ్వలు దాన్ని మాటిమాటికీ తట్టి లేపుతున్నాయి, అంతే.

కారణం C1. ఇన్‌పుట్ వైపు నుంచి అది మైనస్ కాలిని ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో దాదాపు గ్రౌండ్‌కి కట్టేస్తుంది. దాంతో ఆప్‌ఆంప్ నాయిస్ గెయిన్ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతూ పోతుంది. నా విలువలతో ఆ పెరిగే గీతని వెనక్కి పొడిగిస్తే అది 0.2 హెర్ట్జ్ దగ్గర గెయిన్ 1ని తాకుతుంది (1ని 2π·R2·C1తో భాగిస్తే వచ్చేది). ఇంకోవైపు ఆప్‌ఆంప్ సొంత గెయిన్ ఫ్రీక్వెన్సీతో పాటు తగ్గుతూ ఉంటుంది. పెరిగే గీత, తగ్గే గీత కలిసే చోట ఫేజ్ మార్జిన్ దాదాపు సున్నా. ఆ చోటు ఎక్కడో తెలియాలంటే ఆప్‌ఆంప్ బ్యాండ్‌విడ్త్‌ని ఆ 0.2తో గుణించి వర్గమూలం తీస్తే చాలు. 741కి ఒక మెగాహెర్ట్జ్, టీఎల్071కి మూడు. ఆసిలోస్కోప్‌లో కనిపించిన రెండు అంకెలూ ఈ లెక్కలోంచే వస్తాయి. అంటే వేగమైన చిప్ పెడితే జబ్బు నయం కాదు, రాగం పైకి పోతుంది.

మందు ఒకే ఒక్క రెసిస్టర్. C1తో వరుసగా 10 కిలోఓమ్‌లు పెట్టాను (R1 ఈ రెండింటికీ సమాంతరంగానే ఉంటుంది). అప్పుడు 16 హెర్ట్జ్ దాటాక నాయిస్ గెయిన్ 87 దగ్గర చదునుగా నిలిచిపోతుంది. ఆప్‌ఆంప్ గెయిన్ గీత ఆ చదునైన గీతని 34 కిలోహెర్ట్జ్ దగ్గర నిశ్చింతగా దాటుతుంది. Kd తగ్గేది ఒక్క శాతం. రాగం ఆ క్షణమే ఆగింది, మళ్లీ ఎప్పుడూ రాలేదు. మోటారు కూడా మునుపటికన్నా చల్లగా ఉంది. ఈ ఐదో పార్టు లేకుండా గీసిన బొమ్మ చూసి ఎవరూ ఈ సర్క్యూట్ కట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. నాలుగు పార్టులు చాలన్న నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ తర్వాత రెండేళ్లు ఏ గొడవా లేదు. కిందటేడు పళ్లెం మీద బరువు పెరిగింది. ఆపేటప్పుడు దాటిపోయి వెనక్కి వస్తోంది, Kd 1.6 చేద్దామనుకున్నాను. అదే లెక్క మళ్లీ వేశాను: మొత్తం 5, లబ్ధం 8. అలాంటి రెండు నిజ సంఖ్యలు లేవు. Kp వర్గం 4·Ki·Kd కన్నా తక్కువైతే ఈ సర్క్యూట్ ఆ గెయిన్లు ఇవ్వలేదు, ఎన్ని పార్టులు మార్చినా సరే. నా Kp, Kiలతో Kdకి పరిమితి 1.25. నన్ను అంతగా మురిపించిన ఆ వర్గ సమీకరణమే ఇక్కడ తలుపు మూసేసింది. జీగ్లర్, నికోల్స్ 1942లో ఇచ్చిన పాత నియమంతో గెయిన్లు పెట్టేవాళ్లు ఇది ప్రత్యేకంగా గమనించాలి. అందులో ఇంటిగ్రల్ సమయం డెరివేటివ్ సమయానికి సరిగ్గా నాలుగు రెట్లు. అంటే ఆ గెయిన్లు ఎప్పుడూ ఈ గోడని ఆనుకునే ఉంటాయి, a, b సమానంగా వస్తాయి. అక్కడినుంచి Kdని కొంచెం పెంచాలన్నా, Kpని కొంచెం తగ్గించాలన్నా దారి ఉండదు.

తిప్పుతూ సరిచేసుకోవడం కూడా ఇందులో కష్టమే. R2 బదులు పాట్ పెట్టి తిప్పితే Kp, Kd రెండూ కదులుతాయి. R1 తిప్పితే Kp, Ki రెండూ. ఒక్కో గెయిన్‌కి ఒక్కో పాట్ కావాలంటే మూడు కొమ్మల సర్క్యూటే శరణ్యం. నేనూ చివరికి దానికే మారాను, నాలుగు ఆప్‌ఆంప్‌లున్న ఒక్క టీఎల్074తో. పీ కొమ్మకి 20, 100 కిలోఓమ్‌లు. ఐ కొమ్మకి 200 కిలోఓమ్‌లు, 1 మైక్రోఫారడ్. డీ కొమ్మకి 1 మైక్రోఫారడ్, 1.6 మెగాఓమ్‌లు. చివర్లో నాలుగు 100 కిలోఓమ్‌లతో కూడిక, దాంతో గుర్తు కూడా మళ్లీ ప్లస్ అవుతుంది. డీ కొమ్మలో కెపాసిటర్‌తో వరుసగా 22 కిలోఓమ్‌లు మొదటి రోజే పెట్టాను.

మీ గెయిన్లు ముందే తెలిసి, అవి మారవని నమ్మకముండి, Kp వర్గం 4·Ki·Kd కన్నా బాగా పైన ఉంటే, ఒకే ఆప్‌ఆంప్ సర్క్యూట్ నిశ్చింతగా కట్టుకోవచ్చు. నా బరువు మారింది కాబట్టి నాకు సరిపోలేదు. పాత బోర్డుని పారేయలేదు. పక్క బల్ల మీద, బరువు ఎప్పుడూ మారని ఇంకో మోటారుకి బిగించాను, అదే 820 కిలోఓమ్‌లతో, అదే 10 కిలోఓమ్‌లతో.