క్రేన్ గర్డర్‌కు ఏది మేలు: గట్టి స్టీలా, నిశితమైన తనిఖీనా?

జీడిమెట్లలోని ఒక షెడ్డులో క్రేన్ గర్డర్ అనుకుందాం. వెడల్పైన ప్లేటు, అంచున పగులు. లోడు పడినప్పుడల్లా స్ట్రెస్ 0 నుంచి 100 MPaకి వెళ్తుంది. ఒక్కో సైకిల్‌కు పగులు పెరిగేది పారిస్ సూత్రం ప్రకారం:

`da/dN = C(ΔK)^m`, `ΔK = 1.12 Δσ √(πa)`

ఇందులో a పగులు పొడవు, N సైకిల్స్ సంఖ్య, Δσ ఒక్కో సైకిల్‌లో స్ట్రెస్ మార్పు, ΔK పగులు కొన దగ్గర ఒత్తిడి తీవ్రతలో మార్పు; C, m స్టీలును బట్టి ఉండే స్థిరాంకాలు. మామూలు స్టీలుకు m = 3, C = 6.9×10⁻¹² (మీటర్లు, MPa√m). పగులు 2 మి.మీ. నుంచి, ప్లేటు విరిగే 25 మి.మీ. దాకా లెక్కిస్తే దాదాపు 5.9 లక్షల సైకిల్స్.

టఫ్‌నెస్, అంటే పగులున్నా విరగకుండా తట్టుకునే గుణం, 40 శాతం ఎక్కువున్న స్టీలు వేస్తే విరిగే పొడవు 50 మి.మీ. అవుతుంది. ఆయుష్షు మాత్రం 6.6 లక్షలే! చివర్లో పగులు పరుగెడుతుంది కాబట్టి ఆ 25 మి.మీ. ఇట్టే అయిపోతాయి.

అదే పాత స్టీలుతో, 1 మి.మీ. పగులునూ పట్టగలిగే తనిఖీ చేస్తే లెక్క 2 బదులు 1 మి.మీ. నుంచి మొదలవుతుంది, 9.4 లక్షలు వస్తాయి. జీవితమంతా చిన్న పగులు దగ్గరే గడుస్తుంది. అందుకే నా ఓటు తనిఖీకే. కాకపోతే పెయింట్ తీసి, అయస్కాంతంతో ఇనుప పొడిని పగులు దగ్గర పోగుచేసి చూపే మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్ చేయాలి. ఏమీ కనబడకపోయినా లెక్కలో పగులు సున్నా కాదు, ఆ పరీక్ష కచ్చితంగా పట్టగలిగేంత ఉందనే తీసుకోవాలి.