రెండేళ్లు వాడిన స్మార్ట్ వెయిట్ మిషన్: బరువు సరే, కొవ్వు లెక్కతోనే పేచీ

హన్మకొండలో మా ఇంట్లో ఈ మిషన్ రెండేళ్ల నుంచి వాడుతున్నా. పైన గాజు పలక, పాదాల కింద నాలుగు మెటల్ ప్యాడ్లు, ఫోన్‌కు బ్లూటూత్. బరువు చూసుకోవడానికైతే పెట్టిన పైసలు వసూలైనట్టే. కానీ యాప్‌లో కొవ్వు ఇంత, కండ ఇంత అని పాయింట్లతో సహా చూపించే అంకెల సంగతి వేరు.

బరువు సరిగ్గా రావాలంటే కింద నేల చదునుగా ఉండాలి. సెన్సర్లు నాలుగు కాళ్లలో ఉంటాయి. మా హాల్లో పాత షాబాద్ బండలు, ఒక కాలు సందులో పడితే అర కిలో తేడా కొట్టేది. టైల్స్ మీదికి మార్చినంక మూడుసార్లు దిగి ఎక్కినా ఒకే అంకె.

కొవ్వును మాత్రం అది నేరుగా తూయదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి మనకు తెలియనంత సన్నటి కరెంటు పంపి, దారిలో ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. కండలో ముప్పావు వంతు నీళ్లే, అవీ ఉప్పు నీళ్లు, అందుకే కరెంటు సులువుగా పోతుంది. కొవ్వులో నీళ్లు తక్కువ, అడ్డు ఎక్కువ. ఆ అడ్డుకు మన బరువు, ఎత్తు, వయసు, ఆడా మగా అన్నవి కలిపి ఫార్ములాతో శాతం కడుతుంది. పైగా కరెంటు ఒక కాలు ఎక్కి రెండో కాలు దిగిపోతుంది కాబట్టి పొట్ట లోపల ఏముందో దానికి పెద్దగా అందదు. మనవాళ్లకు కొవ్వు చేరేదేమో అక్కడ!

నమ్మకపోతే యాప్‌లో వయసు ఇరవై ఏళ్లు తగ్గించి మళ్లీ ఎక్కండి. ఒంట్లో ఏమీ మారదు, కొవ్వు శాతం మారుతుంది. లేదా లీటరు నీళ్లు తాగి వెంటనే ఎక్కండి. బరువు కిలో పెరుగుతుంది, కడుపులో ఉన్న ఆ నీళ్లు కరెంటు దారిలో లేవు గనుక మిషన్ వాటిలో చాలా భాగాన్ని కొవ్వు ఖాతాలో రాస్తుంది.

నాకు అసలు తేడా తెలిసింది డెక్సా స్కాన్‌తో. అది తక్కువ మోతాదు ఎక్స్‌రేతో ఎముక, కొవ్వు, మిగతా కణజాలం విడివిడిగా లెక్క కట్టే పరీక్ష. జిమ్‌లో చేరే ముందు ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి హైదరాబాద్ పోయినప్పుడు చేయించుకున్న. మొదట బరువు 74.2 కిలోలు, అందులో కొవ్వు 23.1. తర్వాత బరువు 73.5, కొవ్వు 19.6. "ఏందన్నా, ఏడాది జిమ్‌కు పోయి కిలో కూడా తగ్గలే?" అని మా తమ్ముడు నవ్విండు. కొవ్వు మూడున్నర కిలోలు పోయింది, ఇటు కొవ్వు కానిది 2.8 కిలోలు చేరింది. ఇంట్లో మిషన్ మాత్రం కొవ్వు 25.8 శాతం నుంచి 25.1కి వచ్చిందని చెప్పింది. స్కాన్ లెక్కన అది 31 నుంచి 27కు దిగింది. ఫార్ములాలో బరువుకు పెద్దపీట, నా బరువేమో పెద్దగా కదలలేదు.

మరి ప్యాంటు ఎందుకు వదులైంది? కిలో కొవ్వైనా కిలో కండైనా కిలోనే, తేడా అవి ఆక్రమించే చోటులో ఉంది. నూనె నీళ్ల మీద తేలినట్టే కొవ్వు నీటికన్నా తేలిక, లీటరుకు సుమారు 900 గ్రాములు. కండలో నీళ్లతో పాటు బరువైన ప్రొటీన్ ఉంటుంది, లీటరుకు సుమారు 1,060 గ్రాములు. అంటే నా ఒంట్లోంచి దాదాపు 3.9 లీటర్ల కొవ్వు పోయి, 2.6 లీటర్ల కండ వచ్చింది. బరువు 700 గ్రాములు తగ్గితే చోటు లీటరు పైన తగ్గింది. జిమ్ గోడల మీద కండ ముద్దకు మూడింతలు పెద్ద కొవ్వు ముద్ద పెట్టి ఫొటోలు వేస్తారు, అది అతి. తేడా ఆరో వంతు దాకానే.

ఆ 2.8 కిలోలూ గట్టి కండ అనుకోవద్దు. కండలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుంటుంది, స్కాన్ దాన్నీ అందులోనే కలిపేస్తుంది. దావత్‌కు పోయి వచ్చిన తెల్లారి కిలోకు పైగా పెరిగేది కూడా ఇట్లాంటి నీళ్లు, ఉప్పు, కడుపులో ఉన్న తిండి. ఒక్క రాత్రిలో కిలో కొవ్వు పెరగాలంటే ఖర్చయ్యేదానికన్నా ఏడు వేలకు పైగా క్యాలరీలు ఎక్కువ తినాలి.

ఇప్పుడు పొద్దున బాత్రూంకు పోయి వచ్చి, ఏమీ తినకముందు ఎక్కి, వారం సగటు మాత్రం చూస్తున్నా. దాంతో పాటు దర్జీ టేపు. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలినాక, పొట్ట లోపలికి పీల్చకుండా. నాది 95 సెంటీమీటర్ల నుంచి 89కి వచ్చింది. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడమంటారు.

కొనాలా అంటే, కొవ్వు శాతం కోసమైతే వద్దు, మామూలు డిజిటల్ మిషనూ టేపూ చాలు. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే కరెంటు పంపే ఈ రకం ఎక్కించకండి, మా నాయన కోసం నేను వేరే మిషన్ తెచ్చిన.