ఢిల్లీ రోడ్ల మీద ఏటి ఒడ్డు చెట్లు

జూన్ చివర్లో నాలుగు రోజులు ఢిల్లీలో ఉన్నాం, అచ్చంగా చెట్లు చూడ్డానికే. నిజాముద్దీన్ దగ్గర ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. ‘గార్డెన్ వ్యూ’ అని చెప్పిన గది కిటికీ తెరిస్తే పక్కింటి వాటర్ ట్యాంకు కనిపించింది. ఏసీ మధ్యాహ్నానికి చేతులెత్తేసేది. అయినా మళ్లీ వెళ్తే ఆ పేటలోనే దిగుతాను, హుమాయూన్ సమాధి, సుందర్ నర్సరీ రెండూ నడిచి వెళ్లే దూరం మరి.

మొదటి ఉదయం అశోకా రోడ్. వరసగా నేరేడు చెట్లే. పండ్లు రాలి ఫుట్‌పాత్ అంతా ఊదారంగు, నా చెప్పు రెండుసార్లు జారింది. జన్‌పథ్‌లో మద్ది, అక్బర్ రోడ్‌లో చింత. 1911లో రాజధాని మార్పు ప్రకటించాక కొత్త నగరం గీసినవాళ్లు ఒక్కో రోడ్డుకి ఒక్కో చెట్టు అనుకున్నారు. దూరం నుంచి చూస్తే రోడ్డు గీత చెదరకుండా ఉండాలని వాళ్ల లెక్క.

జన్‌పథ్‌లో ఒక మద్ది దగ్గర చాలాసేపు ఆగాను. బెరడు పలకలుగా ఊడి, కింద నున్నగా లేత బూడిదరంగు. దీన్ని మనవాళ్లు ఏరుమద్ది అంటారు, పేరులోనే ఏరుంది. నేరేడుకీ తడి నేలే ఇష్టం. వానలు మూడు నెలలకే సరిపెట్టే ఊళ్లో ఏటి ఒడ్డు చెట్లెందుకు? ఎందుకంటే ఇక్కడి రాతి నేలలో సొంతంగా పెరిగే మోదుగలాంటివి ఎండ ముదిరే వేళకే ఆకు రాలుస్తాయి. నగరం గీసినవాళ్లకేమో మే నెలలో కూడా నీడ కావాలి. కాబట్టి ఈ రోడ్లు చూసి ఇక్కడి వాతావరణం తెలిసిందనుకుంటే పొరపాటే. తెలిసేది నీళ్లు పోసి చెట్లు పెంచగలిగిన సర్కారు సంగతి.

హుమాయూన్ సమాధి తోట పద్ధతి వేరు. అక్కడ సన్నటి కాలువలు తోటని చదరాలుగా కోస్తాయి, అంటే నీళ్లు నడిచే దారే ప్లాను. లోధీ గార్డెన్‌లో పచ్చిక, వంపులు తిరిగే బాటలు, 1936 నాటి ఇంగ్లిష్ అభిరుచి. ప్రవేశం ఉచితం, పొద్దున్నే హాయిగా ఉంది గానీ ఆ పచ్చికకి పోసే నీళ్లు చూస్తే మాత్రం నాకు మనసొప్పలేదు.

వాన తర్వాత అవెన్యూల్లో తిరిగేవాళ్లు మొదళ్లు కూడా చూడండి. సిమెంటు కాండాన్ని ఒరుసుకుని ఉన్నా, మొదట్లో బిరుసు పుట్టగొడుగులు కనిపించినా ఆ చెట్టు కింద నిలబడొద్దు. వేర్లకి గాలి, నీరు అందక లోపల కుళ్లిపోయి ఉండొచ్చు. వరసంతా దాదాపు ఒకే ఈడుది కాబట్టి ముసలితనమూ అన్నిటికీ ఒక్కసారే వస్తుంది. ఖాళీల్లో వేరే జాతి మొక్క కనిపించిందంటే అక్కడొకటి పడిపోయి ఉంటుంది.

చివరి రోజు అసలు అడవి చూద్దామని నార్త్ రిడ్జ్ అనే రాతి గుట్టల మీదకి వెళ్లాం. ఎక్కువగా కనిపించింది సర్కారు తుమ్మ! అదీ బ్రిటిష్‌వాళ్లు తెచ్చిందే. కోతులు మా సంచి లాక్కోబోతే ఎనిమిదింటికే బయటపడి ఆటో ఎక్కాం.