ఏఏసీ అని చూసి కొన్న ఇయర్‌బడ్స్, రెండేళ్ల తర్వాత

బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతుల్ని కోడెక్‌లంటారు, ఏఏసీ, ఎస్‌బీసీ అలాంటివే. డబ్బా మీద ఏఏసీ అని పెద్దక్షరాల్లో రాసి ఉంటే, ఎస్‌బీసీ కంటే అన్నిట్లోనూ మెరుగనుకుని రెండేళ్ల క్రితం ఈ ఇయర్‌బడ్స్ కొన్నాను. పాటలకి బాగానే ఉన్నాయి కానీ ఫోన్‌లో కీబోర్డ్ యాప్ వాయిస్తే మాత్రం వేలు తగిలిన కాసేపటికి గానీ స్వరం వినపడేది కాదు, తాళం తప్పకుండా ఒక్క గీతం కూడా వాయించలేకపోయాను.

సరే కొలుద్దామని రెండో ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, దాని మైక్ దగ్గర ఒక బడ్ ఉంచి, మొదటి ఫోన్ తెరమీద గోటితో టక్కుమని కొట్టాను. గోటి చప్పుడుకీ స్వరానికీ మధ్య దూరం ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో చూస్తే ఏఏసీకి 285 మిల్లీసెకన్లు, ఎస్‌బీసీకి 250. వైరు ఇయర్‌ఫోన్‌తోనే 70 వచ్చింది, అంటే అది యాప్‌దీ తెరదీ, బ్లూటూత్ తప్పు కాదు. అది తీసేస్తే 215, 180. నేను ఎగబడి కొన్నదే నెమ్మదన్నమాట!

ఎందుకంటే ఏఏసీ ఒక్కో ముక్కకి 1024 శాంపిళ్లు, అంటే ధ్వనిని కొలిచిన చిన్న చిన్న అంకెలు, పోగయ్యేదాకా ఆగాలి, అదే సుమారు 23 మిల్లీసెకన్లు. ఎస్‌బీసీకి మామూలుగా 128 చాలు, అంటే 3 మిల్లీసెకన్లు. కానీ లెక్క చూడండి, 180లో ఈ 3 ఎంత? మిగతాదంతా దాదాపు బఫరే, సిగ్నల్ తడబడినా పాట తెగకుండా బడ్స్ ముందే కొంత నిల్వ చేసుకోవడం. గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఆలస్యం 80కి దిగింది, కోడెక్ అదే ఎస్‌బీసీ. నిల్వ తగ్గింది కాబట్టి ఫోన్ వెనక జేబులో పెట్టి నడిస్తే పాట తెగుతుంది, అది వేరే సంగతి. వీడియోలకి ఈ గొడవ లేదు, ప్లేయర్ బొమ్మని కూడా అంతే ఆపి చూపిస్తుంది.

ఇక నాణ్యత. నా ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో `Build number` మీద ఏడుసార్లు నొక్కితే తెరుచుకునే డెవలపర్ ఆప్షన్స్‌లో `Bluetooth Audio Codec` మార్చి వినిపించమని తమ్ముడికిచ్చి, కళ్లు మూసుకుని పదిసార్లు విన్నాను, ఆరుసార్లే సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసు వేసినా దాదాపు అంతే వస్తుంది. ఎస్‌బీసీ 328 కేబీపీఎస్ దగ్గర నడుస్తుంటే నా చెవికి తేడా లేదు. కిక్కిరిసిన రైల్వే ప్లాట్‌ఫామ్ మీద మాత్రం భజన పాటలో తాళాల మోత ఇసుక రాలినట్టు గరగరలాడింది, ఫోన్ బిట్‌రేట్, అంటే సెకనుకి పంపే డేటా, తగ్గించేసినట్టుంది. మా ఆవిడ ఐఫోన్‌లో ఈ మార్చే మీటే లేదు, బడ్స్‌కి ఏఏసీ వస్తే అదే, లేకపోతే ఎస్‌బీసీ.

అసలు దెబ్బ ఆఫీసు మీటింగుల్లో. లాప్‌టాప్ బడ్స్ మైక్ తీసుకోగానే రెండు కోడెక్‌లూ పక్కకి పోయి కాల్స్ కోసం ఉన్న మోనో దారిలో పడుతుంది, పాట ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు ఉంటుంది. మైక్‌గా లాప్‌టాప్‌దే ఎంచుకుని, బడ్స్‌ని వినడానికే వదిలేశాను. ఈ చిన్న సంగతి తెలియక మొదటి ఆరు నెలలు బడ్స్‌నే తిట్టుకున్నాను.