లండన్ బస్సుల్లో ట్యాప్ చేయడమా, వారం పాస్ కొనడమా: ఏది మేలు?

లండన్ బస్సుల్లో డబ్బులు తీసుకోరు. బ్యాంకు కార్డో, ఫోనో, ముందే డబ్బు వేసుకుని లండన్ ప్రయాణాలకు వాడే ఆయిస్టర్ కార్డో రీడర్‌కు తాకించి ఎక్కాలి. ఇలా ట్యాప్ చేసేవాళ్లకు రోజు మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. 2025 రేట్ల ప్రకారం ఒక ప్రయాణానికి 1.75 పౌండ్లు, రోజు పరిమితి 5.25. అంటే మూడు టికెట్ల డబ్బు కట్టాక ఆ రోజు ఎన్ని బస్సులెక్కినా ఇంకేమీ పడదు. గంటలోపు ఎక్కిన బస్సులన్నీ ఎలాగూ ఒకే టికెట్ కింద వస్తాయి. ఇక్కడ రోజు అంటే తెల్లవారుజామున నాలుగున్నర నుంచి మర్నాడు అదే వేళ దాకా, కాబట్టి అర్ధరాత్రి ఇంటికి చేరే బస్సు కూడా ముందు రోజు లెక్కలోనే పడుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది, ఎంత తిరుగుతామో పొద్దున్నే తేల్చుకోనక్కర్లేదు. రెండుసార్లే ఎక్కితే మూడున్నర పౌండ్లతో సరి. బ్యాంకు కార్డయితే రోజంతా పడిన ట్యాప్‌లను రాత్రికి ఒకచోట చేర్చి, పరిమితి చూసి, ఒకే మొత్తంగా తీసుకుంటారు.

వారానికీ పరిమితి ఉంది, 24.70 పౌండ్లు. ఏడు రోజుల బస్ పాస్ ధర కూడా అంతే. మరి పాస్ ఎందుకు? వారం పరిమితి లెక్క ఎప్పుడూ సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. పాస్ మాత్రం మనం కోరిన రోజు నుంచి మొదలవుతుంది.

గురువారం దిగి, వచ్చే బుధవారం దాకా రోజూ బాగా తిరిగే మనిషిని తీసుకుందాం. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులకు 21 పౌండ్లు. వారం పరిమితి ఇంకా తగల్లేదు, ఈలోగా సోమవారం వచ్చి లెక్క సున్నాకు వచ్చేసింది. మిగతా మూడు రోజులకు 15.75. మొత్తం 36.75. అదే పాస్‌తో 24.70తో అయిపోయేది. పాస్ కోసం ఆయిస్టర్ కార్డు ధర కలిపితే తేడా తగ్గుతుంది, చేతిలో కార్డు ముందే ఉంటే మాత్రం పాస్‌దే లాభం. సోమవారం మొదలయ్యే వారానికీ, రెండు మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోయే వారానికీ ట్యాప్ చేయడమే మేలని నా మాట.

ట్యాప్‌లో దెబ్బ తినేది ఒక్కచోట. పొద్దున ఫోన్‌తో రెండుసార్లు, సాయంత్రం కార్డుతో రెండుసార్లు ఎక్కితే ఏడు పౌండ్లు పోతాయి. ఫోన్‌లో ఉన్నది అదే బ్యాంకు కార్డయినా వ్యవస్థకు అవి రెండు వేర్వేరు కార్డులు, దేని లెక్కా పరిమితి దాకా వెళ్లదు. అనుమానం వస్తే బ్యాంకు స్టేట్‌మెంట్ చూడండి. ఒకే రోజుకు రెండు మొత్తాలు విడివిడిగా కనిపిస్తే జరిగింది ఇదే.