పదకొండేళ్ల డివిడెండ్ లెక్క: పాస్‌బుక్ ఎక్కడ తప్పుదారి పట్టించింది

బరంపురంలో మా కొట్టు గల్లాపెట్టె పక్కన ఒక పాత లెడ్జరు ఉంది. 2014 మొదట్లో ఐటీసీ షేర్లు 400 కొన్నాను. ఒక్కోటి 330 చొప్పున 1,32,000 రూపాయలు అయింది. అప్పటి నుంచి పాస్‌బుక్‌లో పడిన ప్రతి డివిడెండూ అందులో ఎక్కిస్తాను. మార్చి ఆఖరుకి మొత్తం కూడి 1,32,000తో భాగిస్తాను. యీల్డ్ ఆన్ కాస్ట్ అంటే అంతే.

మొదటి ఏడాది వచ్చింది 2,400, అంటే 1.8 శాతం. 2016లో రెండుకి ఒకటి బోనస్ వచ్చి షేర్లు 600 అయ్యాయి. షేరు లెక్కన చూసేవాళ్లు అక్కడ తికమకపడ్డారు. నేను పెట్టిన మొత్తంతో భాగిస్తాను కాబట్టి నాకు ఏ సర్దుబాటూ అక్కర్లేకపోయింది.

నన్ను దెబ్బతీసింది 2020-21. ముందు ఏడాది 3,450 పడితే ఆ ఏడాది పన్ను కోతకి ముందు లెక్కన 9,090. దాదాపు ఏడు శాతం! ఆ ఊపులో ఇంకొన్ని షేర్లు కొందామనుకున్నాను. మరుసటి ఏడాది అదే లెక్కన చూస్తే 6,600. డివిడెండ్ కోసేశారని టెన్షన్ పడ్డాను. నిజానికి కోసిందేమీ లేదు. అప్పటిదాకా ఏడాదికి ఒకసారి, జూలై ప్రాంతంలో ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది షేరుకి పాత సంవత్సరపు 10.15తో పాటు కొత్త సంవత్సరపు మధ్యంతర డివిడెండ్ 5 రూపాయలు కూడా మార్చిలోపే పడ్డాయి. కంపెనీ ప్రకటించిన సంవత్సరాల వారీగా పేర్చితే వరస 10.15, 10.75, 11.50. నిదానంగా పెరుగుతోందంతే. అప్పటి నుంచి ప్రతి జమ పక్కన అది ఏ సంవత్సరానిదో రాస్తున్నాను. లెడ్జరులో ఈ గడి మొదటి రోజే గీసి ఉండాల్సింది.

ఇంకో చిక్కు పన్ను కోత. 2023-24నే చూడండి. అందిన డివిడెండ్ 9,450, పాస్‌బుక్‌లో పడింది మాత్రం 8,505. అయిదు వేలు దాటింది కాబట్టి పది శాతం టీడీఎస్ పోయింది. అసలు మొత్తం ఆదాయపన్ను శాఖ వాళ్ల పన్ను కోతల పట్టిక 26ఏఎస్‌లో కనిపించింది, నేనిప్పుడు అదే ఎక్కిస్తాను. 2020 ఏప్రిల్‌కి ముందు పన్ను కంపెనీయే కట్టి మనకి పంపేది, అందుకే పాత జమలకి ఈ బాధ లేదు. ఆ 9,450లో షేరుకి 2.75 ప్రత్యేక డివిడెండ్. దాన్ని వేరుగా రాయకపోతే మరుసటి ఏటి 8,400 మళ్లీ పడిపోయినట్టు కనిపిస్తుంది.

మొన్న మా బావ లెడ్జరు తిరగేసి, "ఆరు శాతం పైనే ఇస్తోందా, నేనూ కొంటాను" అన్నాడు. 2025 మార్చి ఆఖరులో ధర 410 దగ్గర ఉంది, ఆ ఏడాది అందింది షేరుకి 14. కాగితం మీద భాగించి చూపించాను. 3.4 వచ్చింది. "మరి నీకు ఆరు పైన ఎలా?" అన్నాడు. "నేను కొన్నది 2014 ధరకి బావా" అన్నాను.