నలభై మందికి పులావ్: ఒకే డేక్చీయా, రెండు తపేలాలా?

రాయగడలో మన తెలుగు ఇళ్లకు చుట్టాలు గుంపుగా దిగేది ఎక్కువగా మజ్జిగౌరమ్మ దర్శనానికే. పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి పొద్దున రైలుకు వస్తారు, మధ్యాహ్నం భోజనం మన ఇంట్లో. నలుగురికి రోజూ చేసే కూరగాయల పులావే నలభై మందికి చేయాలి. ఇంట్లో ఉన్నది మామూలు గ్యాస్ పొయ్యి. పక్కింటి పెద్ద డేక్చీ తెచ్చి నాలుగు కిలోల బియ్యం ఒకేసారి వండాలా, రెండేసి కిలోలు రెండు తపేలాల్లో వండాలా అన్నదే ప్రశ్న.

ముందు నీళ్ల సంగతి. నలుగురికి రెండు గ్లాసుల బియ్యం, నాలుగు గ్లాసుల నీళ్లు పోస్తాం. అందులో బియ్యం పీల్చుకునేది సుమారు రెండున్నర గ్లాసులే. మిగిలిన గ్లాసున్నర ఆవిరిగా పోతుంది. ఆవిరి పోయేది గిన్నె మూతి వెడల్పును బట్టి, ఉడికే సమయాన్ని బట్టే గాని బియ్యాన్ని బట్టి కాదు. నాలుగు కిలోలంటే ఇరవై గ్లాసుల బియ్యం. పీల్చుకునేది పదింతలై ఇరవై ఐదు గ్లాసులవుతుంది. మూత పెట్టిన డేక్చీలోంచి ఆవిరయ్యేది మాత్రం పదిహేను గ్లాసులు కాదు, ఐదు గ్లాసులు అనుకోవచ్చు. కాబట్టి ముప్పై గ్లాసులు చాలు. రెట్టింపు లెక్కన నలభై పోస్తే పులావ్ కాదు, జావ అవుతుంది. రెండు తపేలాలైతే ఒక్కోదానికి పది గ్లాసుల బియ్యానికి పదహారు గ్లాసుల నీళ్లు. ఇది నానబెట్టని పాత బియ్యానికి. అరగంట నానబెట్టి వార్చితే ఇంకొంచెం తగ్గించాలి.

ఉప్పు లెక్క నీళ్ల లెక్కలా కాదు. అది తయారైన అన్నం బరువును బట్టి నడుస్తుంది కాబట్టి పదింతలకు దాదాపు పదింతలే. ఇంట్లో రెండు చెంచాలు, అంటే పన్నెండు గ్రాములు వేస్తే, ఇక్కడ నూట ఇరవై గ్రాములు. చాలామంది కంగారు పడేది ఇక్కడే. నీళ్లు తగ్గించాం గనుక ఎసరు రుచి చూస్తే రోజూ కంటే ఉప్పగా ఉంటుంది. అది చూసి నీళ్లు కలిపారా, జావ లెక్కకే తిరిగి వచ్చినట్టు. భయమైతే ముందు నూరు గ్రాములు వేసి, ఎసరు మరిగాక రుచి చూసి మిగతాది వేయండి. బియ్యం పడ్డాక సరిచేయడం కష్టం, కలిపితే మెతుకు విరుగుతుంది. కళ్లుప్పు అయితే చెంచాలతో కాకుండా తూచి వేయడం మేలు.

మసాలా మాత్రం పదింతలు వద్దు. ఇంట్లో నాలుగు లవంగాలు వేస్తే ఇక్కడ నలభై వేయకండి, పాతిక చాలు. దాల్చినచెక్క, యాలకులు కూడా అదే లెక్క. మూత కింద పెద్ద రాశిలో వాసన బయటికి పోయేది తక్కువ, వేడిలో నానే సమయం ఎక్కువ. పచ్చిమిర్చి కూడా ఏడింతల దగ్గర ఆపడం మంచిది. పిల్లలుంటారు, కారం కావాలనేవాళ్లకు పక్కన కూర ఎలాగూ ఉంటుంది.

ఇక ఇంటి పొయ్యి మీద డేక్చీ ఎందుకు తేలిపోతుందో చూడండి. ముప్పై గ్లాసులంటే ఏడున్నర లీటర్లు. అవి మరగడానికే అరగంట పైన పడుతుంది. తర్వాత నాలుగు కిలోల చల్లటి బియ్యం పోయగానే మరుగు ఆగిపోతుంది, మళ్లీ రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ మధ్యలో బియ్యం గోరువెచ్చటి నీళ్లలో ఉబ్బి, గంజి వదిలి, ముద్ద కట్టడం మొదలవుతుంది. లోతు కూడా ఎక్కువ కదా, కింద మాడుతుంటే పైన పలుకు ఉంటుంది. సగం బియ్యం పడితే మరుగు త్వరగా తిరిగి వస్తుంది. ఇంటి గ్యాస్ మీదైతే నా ఓటు రెండు తపేలాలకే. రెండోది అరగంట వెనక ఎక్కిస్తే, రైలు లేటై వచ్చేవాళ్లకు కూడా వేడిగా ఉంటుంది.

ఉడికే సమయం ఎంత పెద్ద గిన్నైనా మెతుక్కి ఒకటే. మరుగు తిరిగి వచ్చాక పన్నెండు పదిహేను నిమిషాలు. పైన నీళ్లు ఇంకి చిన్న చిన్న గుంతలు కనబడగానే మంట బాగా తగ్గించి, తపేలా కింద పెనం పెట్టండి. మెతుకు నొక్కితే మధ్యలో ఇంకా సన్నగా పలుకు తగులుతుండగానే ఆపేయాలి. పెద్ద గిన్నెలో వేడి త్వరగా చల్లారదు, ఆ మిగిలిన పలుకు దానికే పోతుంది. ఇరవై నిమిషాలు మూత తీయకండి. పూర్తిగా ఉడికాక ఆపినవాళ్ల పులావ్ వడ్డించేసరికి మెత్తబడి ఉంటుంది.

కోడికూర సంగతి వేరు. దానికి ఒకే డేక్చీ బాగు, ఎందుకంటే చివరిదాకా కలపొచ్చు, ఉప్పు సర్దొచ్చు. ఉల్లిపాయలు మాత్రం రెండు మూడు విడతలుగా వేయించాలి. ఒకేసారి వేస్తే నీరు వదిలి ఉడుకుతాయి గాని ఎర్రబడవు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పెద్ద బర్నర్ గాని, పెరట్లో గాడిపొయ్యి గాని ఉంటే పులావ్‌కీ డేక్చీయే ఎక్కించండి. అప్పుడు మరుగు తొందరగా తిరిగి వస్తుంది, కడగాల్సిన గిన్నె కూడా ఒక్కటే.